రెండో ఫోనులో గొంతు: మా మార్కెటింగ్ హెడ్ తొలి ప్రసంగం ఏడాది తర్వాత ఎలా ఉంది?

అనంతపురంలో డ్రిప్ పరికరాలు అమ్మే మా చిన్న బృందానికి ఫోనుతో ప్రచార వీడియోలు తీయడం నేర్పడానికి మా మార్కెటింగ్ హెడ్ మేడమ్ ఇచ్చిన తొలి ప్రసంగాన్ని ఏడాదికి పైగా ఆచరించి చూశాక ఇది రాస్తున్నాను. ఫోను నిలువుగా పట్టాలా, అడ్డంగా పట్టాలా అన్నవి అందరికీ తెలిసినవే. నన్ను ఆకట్టుకున్నది, ఆమె కెమెరా జోలికి వెళ్లకుండా గొంతు దగ్గరే మొదలుపెట్టడం.

మైకుకూ నోటికీ మధ్య దూరం రెట్టింపయితే, చేరే శబ్దశక్తి నాలుగో వంతుకు పడిపోతుందని, ఫ్యాను మోత మాత్రం అలాగే ఉంటుందని ఆమె వివరించారు. ఆమె చూపిన ఉపాయానికి పైసా ఖర్చు లేదు. రెండో ఫోనును ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, వాయిస్ రికార్డర్ ఆన్ చేసి, మైకు ఉండే కింది అంచు పైకి వచ్చేలా చొక్కా జేబులో ఉంచుకోవాలి. రెండు ఫోన్లూ రికార్డు చేస్తుండగా కెమెరా ముందు ఒకసారి గట్టిగా చప్పట్లు కొట్టాలి. ఎడిటింగ్‌లో అరచేతులు కలిసిన చోటికి, శబ్దరేఖలో నిటారుగా లేచిన గీతను జరిపి, వీడియో సొంత శబ్దాన్ని ఆపేస్తే చాలు. షాపులో ఫిల్టరు జాలిని విప్పి చూపే వీడియోలన్నీ ఇలాగే తీశాం. సీలింగ్ ఫ్యాను తిరుగుతున్నా మాట విడిగా, స్పష్టంగా వినిపిస్తుంది.

అయితే ఆషాఢంలో ఒక చీనీతోటలో లేటరల్ పైపుల చివరి మూతలు తీసి మట్టి కడగడం చూపినప్పుడు ఈ పద్ధతి ఆగిపోయింది. మా జిల్లా గాలి సంగతి తెలిసిందే. వీడియో చూసిన రైతు ఫోన్ చేసి, "నీళ్లు కనపడినాయి గానీ, నువ్వు చెప్పింది ఏమీ ఇనపడలేదప్పా, అంతా గాలి మోతే" అన్నాడు. గాలి నేరుగా మైకు రంధ్రాన్ని తాకితే, ఆ ఒత్తిడికి శబ్దరేఖ పైనా కిందా చదునుగా తెగిపోతుంది. అక్కడ పోయిన మాటను ఏ యాప్ తిరిగి ఇవ్వలేదు. ఏసీ గదిలో జరిగిన ప్రసంగంలో ఈ ప్రస్తావనే రాలేదు, అది పెద్ద లోటే. ఇప్పుడు గాలికి వీపు పెట్టి నిలబడుతున్నాం. అదీ చాలని రోజున తోటలో పనిని మాత్రమే తీసి, అద్దాలు మూసిన కారులో కూర్చుని వ్యాఖ్యానం రికార్డు చేస్తున్నాం. సీట్ల మెత్తదనం వల్ల ప్రతిధ్వని ఉండదు. కానీ అప్పుడు పెదవుల కదలికతో మాట కలవదు గనుక, ముఖం కనిపించకుండా చేతులనే చూపాలి.

చప్పట్ల పద్ధతిని కూడా ఇప్పుడు కొంత తగ్గించే మెచ్చుకుంటాను. రెండు ఫోన్ల గడియారాలు అచ్చంగా ఒకే వేగంతో నడవవు గనుక, సాగదీసిన వీడియోల్లో చివరికి మాట పెదవుల కన్నా ముందుకో వెనక్కో జరుగుతుంది. చిన్న ముక్కలుగా తీస్తే ఆ తేడా కనిపించదు. జేబులో రెండో ఫోను ఉన్న మాలాంటి వాళ్లకు, ముఖ్యంగా షాపులోనే తీసేవాళ్లకు, ఈ ప్రసంగం సరిపోతుంది. గాలికి బొచ్చు తొడుగు ఉన్న కాలర్ మైకు కొనగలిగితే, రోజూ తోటల్లోనే తిరిగేవారికి అదే మేలు కావచ్చు. మా బృందం ఇంకా అది కొనలేదు.