ఆరేళ్లు వాడిన పాతమాటల జాబితా: ఆ ఒక్క లైను మీదే నా కోపం

ఇంగ్లీషు ఉత్తరాలు సరిచూసే పని నేర్చుకునే రోజుల్లో నాకో కాగితం ఇచ్చారు. ఎడమవైపు పాత మాట, కుడివైపు దాని బదులు వాడాల్సిన తేలిక మాట. ‘ప్రయర్ టు’ ఉంటే ‘బిఫోర్’ అని రాయండి, అలాంటివి. ఇలాంటి జాబితాలు మీరూ చూసే ఉంటారు కాబట్టి మిగతావి చెప్పను. ఆరేళ్లుగా అది నా కంప్యూటర్ వెనక గోడకే ఉంది. మొదటి ఏడాది దాని గురించి కనిపించిన వాళ్లందరికీ గొప్పగా చెప్పాను. ఆ మెప్పులో కొంత ఇప్పుడు వెనక్కి తీసుకోవాలి.

గొడవంతా ఒక్క లైనుతో. హియర్‌విత్, హియర్‌బై, కైండ్లీ ఆబ్లైజ్. ఈ మూడింటికీ ఎదురుగా ఒకటే మాట ఉంటుంది: ‘తీసేయండి’.

నేను పనిచేసేది డీటీపీ సెంటర్లో. వచ్చేవాళ్లు దరఖాస్తులు, సంఘాల తీర్మానాలు, కవరింగ్ లెటర్లు తెస్తారు. ‘స్పెల్లింగులు అవీ చూసిపెట్టండి చాలు’ అంటారు. అంటే అక్షర దోషాలు, కామాలు, ఏకవచన బహువచనాలు. రాసినాయన ధోరణి మార్చమని ఎవరూ అడగరు. ఇది తెలిసి కూడా నేను ఆ లైను పట్టుకుని రెండేళ్లు కనిపించిన ప్రతి హియర్‌బైనీ తీసిపారేశాను. పేజీ శుభ్రపడినట్టు అనిపించేది.

ఒకరోజు మా వీధి చివరి అపార్ట్‌మెంట్ సంఘం కార్యదర్శి వచ్చారు. రిటైరైన లెక్కల మాస్టారు. కమిటీ మారింది, బ్యాంకు ఖాతాలో సంతకాలు మార్చాలి. అందుకు మినిట్స్ పుస్తకంలోని తీర్మానం టైపు చేయించి, కింద ‘సర్టిఫైడ్ ట్రూ కాపీ’ అని రాయించి ఇవ్వాలి. తీర్మానం ఇది: ‘రిజాల్వ్‌డ్ దట్ ద సెక్రటరీ అండ్ ద ట్రెజరర్ బీ అండ్ ఆర్ హియర్‌బై ఆథరైజ్‌డ్ టు ఆపరేట్ ద బ్యాంక్ అకౌంట్ జాయింట్లీ.’

‘బీ అండ్ ఆర్’ అంటే ఒకే క్రియ రెండుసార్లు పడిందనుకున్నాను. హియర్‌బై ఎలాగూ జాబితాలో ఉంది. రెండూ తీసేసి ‘ఆర్ ఆథరైజ్‌డ్’ అని వదిలాను. మాస్టారు నా మీద నమ్మకంతో చదవకుండానే సంతకం పెట్టారు, అధ్యక్షుడితోనూ పెట్టించారు.

బ్యాంకులో ఆ కాగితం పక్కనే మినిట్స్ పుస్తకం జిరాక్సు పెట్టుకుని చూశారు. రెండు వాక్యాలూ ఒకటిగా లేవు. ‘ట్రూ కాపీ అని రాశారు, ఇది కాపీ కాదు కదా’ అని తిప్పి పంపారు. వాళ్లన్నది నూటికి నూరుపాళ్లు సబబు. ఈలోగా అధ్యక్షుడు కూతురు పురిటికని ఊరెళ్లారు. కొత్త కాపీ మీద ఆయన సంతకం పడేసరికి తొమ్మిది రోజులు పట్టింది. ఆ నెల వాచ్‌మన్ జీతం, నీళ్ల ట్యాంకర్ డబ్బులు మాస్టారే తన జేబులోంచి ఇచ్చారు.

ఆయన కోప్పడలేదు. ‘అమ్మా, సభలో చదివి ఒప్పుకున్న మాట అది. దాన్ని మార్చే అధికారం నాకే లేదు, నువ్వెలా మార్చావు?’ అన్నారు. ఆ ప్రశ్న నన్ను చాలా రోజులు వదల్లేదు.

ఆ తర్వాత కూర్చుని అర్థం చేసుకున్నాను. ‘బీ’ సభ కోరికను చెబుతుంది, అధికారం ఇవ్వబడుగాక అని. ‘ఆర్ హియర్‌బై’ ఆ అధికారం ఈ వాక్యంతోనే ఇస్తున్నామని చెబుతుంది. మన పాత దస్తావేజుల్లో ‘ఇందుమూలముగా’ చేసే పని ఇదే. ఉత్త ‘ఆర్ ఆథరైజ్‌డ్’ అంటే వాళ్లకు ముందునుంచే అధికారం ఉందన్నట్టు కూడా చదువుకోవచ్చు. హియర్‌బై లేనంత మాత్రాన తీర్మానం చెల్లదని నేననడం లేదు. కానీ ఆ మాట అక్కడ అలంకారానికి లేదు. 1949 నవంబరు 26న ఆమోదించిన మన రాజ్యాంగ ప్రవేశిక ఇంగ్లీషు పాఠంలో హియర్‌బై ఉన్నదీ ఇందుకే. ఆ వాక్యంతోనే ప్రజలు రాజ్యాంగాన్ని తమకు తాము ఇచ్చుకుంటున్నారు. అదే మాట ‘రేపు నీళ్లు రావని హియర్‌బై తెలియజేస్తున్నాం’ అనే నోటీసులో ఉంటే దానికి పనేమీ లేదు. లిఫ్టు పక్కన అంటించే కాగితం కదా, అడిగి తీసేయొచ్చు.

హియర్‌విత్ ఇంకో రకం. ‘ఎన్‌క్లోజ్‌డ్ హియర్‌విత్’ అన్నచోట తీసినా నష్టం లేదు, ‘ఎన్‌క్లోజ్‌డ్’ చాలు. కానీ ‘ప్లీజ్ ఫైండ్ హియర్‌విత్ మై సర్టిఫికెట్’లో తీసేస్తే మిగిలేది ‘దయచేసి నా సర్టిఫికెట్ వెతికిపెట్టండి’. ఉత్తరానికి కాగితం జతచేశామన్న సంగతే పోతుంది. ఇప్పుడు హియర్‌విత్ కనిపిస్తే మాట జోలికి పోను, ఉత్తరం అడుగున ఎన్‌క్లోజర్లు ఎన్ని రాశారో, చేతిలో ఎన్ని ఉన్నాయో లెక్క చూస్తాను. అసలు తప్పులు అక్కడే దొరుకుతున్నాయి.

ఆబ్లైజ్ సంగతి తెలిసినప్పుడు మాత్రం నిజంగా సంతోషమేసింది. ఒక పెద్దాయన పెన్షన్ అర్జీ చివర ‘అండ్ ఆబ్లైజ్’ అని రాసి, కామా పెట్టి, కింది లైన్లో ‘యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ’ అని రాశారు. కామా తప్పనుకుని ఫుల్‌స్టాప్ పెట్టబోయాను. ఆయన ఆపి చెప్పారు. పాత పద్ధతిలో ఆ వాక్యం ఆబ్లైజ్ దగ్గర ఆగదు, సంతకం దాకా నడుస్తుంది. ఎవరికి మేలు చేయాలంటే, ‘మీ విశ్వాసపాత్రుడైన’ ఫలానా వాడికి. కింద పెట్టిన పేరే ఆ క్రియకు కర్మ. ఫుల్‌స్టాప్ పెడితే క్రియ ఒకచోట, మనిషి ఒకచోట తెగిపోతారు. ఇప్పుడు ఎక్కువమంది ‘కైండ్లీ ఆబ్లైజ్’ అని ఫుల్‌స్టాప్‌తోనే ముగిస్తున్నారు. అది వాళ్ల అలవాటు, దాన్నీ ముట్టుకోను. ‘కైండ్లీ ఆబ్లైజ్‌డ్’ అని రాస్తే చివరి అక్షరం దిద్దుతాను, ‘హియర్ బై’ అని విడగొడితే కలుపుతాను. అంతవరకే నా పని.

వర్డ్‌లో ఈ మాటల్ని వెతకడం మానలేదు. ఒకేసారి అన్నీ మార్చేసే బటన్ మాత్రం నొక్కను. పసుపు రంగు వేసుకుని ఒక్కొక్క చోటా ఆగి చూస్తాను. ఈ కాగితం మీద సంతకం పడగానే ఏదైనా జరిగిపోతుందా? ఇదే వాక్యం ఇంకెక్కడైనా రాసి ఉందా? ఏ ఒక్కదానికి అవునన్నా చెయ్యి తీసేస్తాను. నకలు కాగితమైతే అసలులో ఉన్న తప్పు కూడా అలాగే ఉండాలి. ఈ మాట జాబితాలో ఎక్కడా లేకపోవడమే నా అసలు బాధ.

జాబితా ఇంకా గోడకే ఉంది. ఆ లైను మీద పెన్సిల్‌తో గీత గీశాను. ఎవరైనా తన ఉత్తరాన్ని తేలిక చేసిపెట్టమని నోరు విప్పి అడిగితే మిగతా పేజీ ఇప్పటికీ బాగా పనికొస్తోంది. కంపెనీ వార్తాపత్రికలు, కరపత్రాలు చూసేవాళ్లకు ఆ లైనుతో కూడా ఇబ్బంది రాకపోవచ్చు. నా దగ్గరకు వచ్చేవి ఎక్కువగా సంతకాల కాగితాలు కాబట్టి నా అనుభవం ఇలా ఉంది.

పోయిన నెల మాస్టారు ఇంకో తీర్మానం తెచ్చారు. ఈసారి ఇద్దరి పేర్ల తర్వాత ‘బీ అండ్ ఈజ్ హియర్‌బై’ అని ఉంది, ‘ఆర్’ ఉండాలి. దిద్దలేదు. అంచున పెన్సిల్‌తో ప్రశ్నార్థకం పెట్టి చూపించాను. ఆయన సంచిలోంచి మినిట్స్ పుస్తకం తీసి చూశారు. అక్కడా ‘ఈజ్’ అనే ఉంది. ‘ఉండనీ అమ్మా, వచ్చే మీటింగులో పుస్తకంలో దిద్దిస్తాను’ అని ఆ కాపీని అలాగే పట్టుకెళ్లారు.