షాట్లు ముందా, బీట్లు ముందా?

పూర్తయిన స్క్రిప్టును ఎడిటరుకు పనికొచ్చే షాట్ లిస్టుగా మార్చడానికి రెండు దారులున్నాయి. ప్రతి వాక్యం పక్కనా తీయవలసిన షాటును నేరుగా రాసుకుంటూ పోవడం ఒకటి. సీను ఎక్కడెక్కడ మలుపు తిరుగుతోందో చూసి, దాన్ని బీట్లుగా, అంటే మలుపుకో ముక్కగా, విడగొట్టిన తర్వాతే షాట్లకు దిగడం రెండోది. ఒంగోలు దగ్గర కొత్తపట్నం తీరంలో మేము తీసిన లఘుచిత్రంలో 14వ సీనుకు మొదటిదాన్ని ఇష్టపడి, రెండోదాన్ని గత్యంతరం లేక చేశాం.

ఆ సీను పేజీ నిడివి, అంటే తెరమీద సుమారు నిమిషం. ఒడ్డున కూర్చుని వల బాగుచేస్తున్న తండ్రి దగ్గరికి కొడుకు వచ్చి, "అప్పు తీరిపోయింది నాయనా" అంటాడు. తండ్రి సంతోషిస్తాడు. ఆపైన స్క్రిప్టులో ఉన్నది ఒకే వాక్యం: "పడవ అమ్మేశాడని తండ్రికి అర్థమవుతుంది."

నేరుగా రాసిన లిస్టులో తొమ్మిది షాట్లు వచ్చాయి. మాట ఉన్నచోటల్లా షాటు ఉంది. ఆ చివరి వాక్యానికి మాత్రం "తండ్రి క్లోజప్" అని రాసి ఊరుకున్నాం. ఎడిటింగులో చూస్తే ఆయన బాధపడుతున్నాడని తెలుస్తోంది గానీ, ఎందుకో తెలియడం లేదు. ఆయన చూసినదాన్ని మేము తీయనే లేదు మరి.

బీట్లుగా విడగొడితే సీను మూడు ముక్కలైంది. మొదటిది, కొడుకు చెప్పలేక నిలబడటం, తండ్రి తలెత్తకపోవడం. రెండోది, కబురు విన్నాక తండ్రి చేతిలోని సూది చురుగ్గా కదలడం. మూడోది, నవ్వుతూ తలెత్తిన తండ్రి చూపు కొడుకు భుజం దాటి పడవ ఉండే చోటికి పోవడం, అక్కడ ఇసుకలో పడవ ఈడ్చిన గాడి తప్ప మరేమీ లేకపోవడం, సూది ఆగిపోవడం. "అర్థమవుతుంది" అన్న ఒక్క మాట చూపు, ఖాళీ ఇసుక, ఆగిన సూది అనే మూడు బొమ్మలుగా మారింది; స్టోరీబోర్డు వేసేవారికి కావలసింది అదే. ప్రతి షాటు పక్కనా అది ఏ బీటుకు చెందినదో, ఏ మాట నుంచి ఏ మాట దాకా నడవాలో రాశాం; ఎడిటరు తనకు నచ్చినచోట కోసుకునే వీలుండేలా, బీటుకు ఒక మాట ముందే మొదలుపెట్టి ఒక మాట తర్వాతే ఆపాలని నియమం పెట్టుకున్నాం.

మా తీరంలో సూర్యుడు సముద్రం వైపు నుంచి వస్తాడు కనుక, లేని షాట్లు తీయడానికి మళ్లీ అదే ఉదయపు వేళకు పోవలసి వచ్చింది. లేకపోతే పాత షాట్లతో నీడలు కలవవు.

బస్సు వచ్చి ఆగడం, మనిషి దిగి నడిచిపోవడం వంటి సీన్లలో లోపల మారేదేమీ ఉండదు కాబట్టి నేరుగా షాట్లు రాసుకోవడమే మేలు. వాటికి బీట్లు వెతకడం కాలయాపన. మనసు మారే సీన్లకు మాత్రం బీట్లే ముందు, అదీ షూటింగుకు ముందే ఎడిటరుకు చూపించి. తర్వాతి సీను కాగితాన్ని అలాగే చూపిస్తే, ఆయన ఒక క్లోజప్పు మీద వేలుపెట్టి, "ఇది ఏ బీటు కోసం?" అని అడిగారు. మా దగ్గర జవాబు లేదు; ఆ షాటును కొట్టేశాం.