సీలింగ్ యాక్సెస్ పాయింట్‌కు కరెంటు: 12 వోల్టుల స్ప్లిటరా, ఇంజెక్టరా, పీఓఈ స్విచ్చా?

పర్లాకిమిడిలో రెండంతస్తుల లాడ్జి ఒకటి అనుకుందాం. రౌటర్ కింద కౌంటర్ దగ్గర ఉంది. వైఫై యాక్సెస్ పాయింట్లు మూడు, అన్నీ సీలింగుకే. అన్నిటికన్నా దూరంగా ఉన్నది పై వరండా చివర, అక్కడికి కేబుల్ 35 మీటర్లు. సీలింగు దగ్గర ప్లగ్ పాయింటు లేదు, గోడ మళ్లీ చెక్కించడం యజమానికి ఇష్టం లేదు. అంటే కరెంటు కూడా ఆ నెట్ కేబుల్లోంచే పోవాలి. ఇలా పంపడాన్నే పీఓఈ అంటారు.

అన్నిటికన్నా చవకగా దొరికేది స్ప్లిటర్ జత. యాక్సెస్ పాయింట్‌తో వచ్చిన 12 వోల్టుల అడాప్టర్‌ని కిందే పెట్టి, కేబుల్లోని నీలం జత మీద ప్లస్, గోధుమ రంగు జత మీద మైనస్ పంపుతారు. కెమెరాలు బిగించేవాళ్లు ఎక్కువగా ఇదే వాడతారు, కెమెరాకి సరిపోతుంది కూడా. యాక్సెస్ పాయింట్‌కి మాత్రం సరిపోదు. ఎందుకో లెక్క చూడండి.

మంచి రాగి కేబుల్లో ఒక్కో తీగకు 100 మీటర్లకు సుమారు 9 ఓముల నిరోధం ఉంటుంది. 35 మీటర్లకు, వెళ్లడానికి రెండు తీగలు, రావడానికి రెండు. రెండేసి తీగలు కలిసి మోస్తే నిరోధం సగమవుతుంది కనుక రానూపోనూ మొత్తం సుమారు 3 ఓములు. ఎవరూ లేని వేళ యాక్సెస్ పాయింట్ 6 వాట్లు తీసుకుంటే పైన 10 వోల్టులైనా అందుతాయి, బండి నడుస్తుంది. సాయంత్రం గదులు నిండి ఫోన్లన్నీ ఎక్కాక అది 12 వాట్లు అడుగుతుంది. 12 వోల్టులతో ఈ తీగ మీద 11 వాట్లకు పైగా ఎలాగూ చేరవు. వోల్టేజీ కూలిపోతుంది, యాక్సెస్ పాయింట్ రీస్టార్ట్ అవుతుంది, ఫోన్లు మళ్లీ ఎక్కగానే మళ్లీ పడిపోతుంది. "పొద్దున బాగానే ఉంటోందండీ, రాత్రే పోతోంది" అనే ఫిర్యాదు వింటే ముందు అనుమానించాల్సింది దీన్నే. పైగా రెండు జతలు కరెంటుకే పోయాయి కాబట్టి నెట్ వేగం 100 ఎంబీపీఎస్ దాటదు.

అదే 12 వాట్లను 48 వోల్టులతో పంపితే పావు ఆంపియర్ చాలు. దారిలో పోయేది ఒక వోల్టు లోపే. కేబుల్ మధ్యలో తగిలించే ఇంజెక్టర్ డబ్బా అయినా, పోర్టుల్లోంచే కరెంటు ఇచ్చే పీఓఈ స్విచ్ అయినా చేసేది ఇదే. లేబుల్ మీద 802.3af లేదా 802.3at అని ఉండాలి. ఇవి ముందు అవతలి వస్తువులో 25 కిలో ఓముల గుర్తింపు నిరోధం ఉందో లేదో చూసి, ఉంటేనే కరెంటు ఇస్తాయి. చూడ్డానికి అలాగే ఉండే 24 వోల్టుల పాసివ్ ఇంజెక్టర్ ఏమీ అడగదు, నేరుగా పంపేస్తుంది. పొరపాటున వేరే పరికరానికి గుచ్చితే పోర్టు కాలిపోవచ్చు.

ఇక ఈ రెండింట్లో ఏది? యాక్సెస్ పాయింట్ ఒక్కటే అయితే ఇంజెక్టర్ చాలు, స్విచ్ దండగ. మూడు ఉన్నప్పుడు స్విచ్చే మేలని మా గట్టి అభిప్రాయం. మూడు ఇంజెక్టర్లకు మూడు ప్లగ్గులు, అన్నీ ఇన్వర్టర్ లైను మీదే కావాలి. గాలివాన వచ్చి కరెంటు పోయిన రాత్రి ఏ ప్లగ్ ఏ లైను మీద ఉందో వెతుక్కోవాల్సి వస్తుంది. స్విచ్ అయితే ఒక్క ప్లగ్. ఇన్వర్టర్‌కి మారే క్షణంలో స్విచ్ ఆగిపోతే మూడూ కలిసి రీస్టార్ట్ అవుతాయి కనుక, దానికీ రౌటర్‌కీ కలిపి చిన్న యూపీఎస్ పెట్టాలి. స్విచ్ పాడైతే మూడూ పోతాయన్నది నిజమే, ఇంజెక్టర్ పోతే ఒక్కటే పోతుంది. అందుకని ఒక ఇంజెక్టర్ని విడిగా దాచి పెట్టుకోండి.

స్విచ్ కొనేటప్పుడు ఒక్కో పోర్టు వాట్లతో పాటు మొత్తం బడ్జెట్ కూడా చూడాలి. నాలుగు పీఓఈ పోర్టులున్నా మొత్తం 40 వాట్లే అయితే మూడు యాక్సెస్ పాయింట్లకు 36 సరిపోతుంది. నాలుగోది పెడితే 48 అవుతుంది, ఏదో ఒక పోర్టుకు స్విచ్ కరెంటు ఆపేస్తుంది. యాక్సెస్ పాయింట్ లేబుల్ 802.3at అడుగుతుంటే 802.3af పోర్టు పనికిరాదు. అది పోర్టు దగ్గర 15.4 వాట్లే ఇస్తుంది, 802.3at అయితే 30.

అన్నీ సరిగ్గా ఉన్నా రీస్టార్ట్ అవుతుంటే, యాక్సెస్ పాయింట్‌ని కిందికి దించి మీటరు ప్యాచ్ కార్డుతో స్విచ్‌కి నేరుగా తగిలించండి. అప్పుడు నిలిస్తే తప్పు కేబుల్‌దే. ఒక తీగ కొసను బ్లేడుతో గీకి చూడండి. రాగి పూత కింద తెల్లగా అల్యూమినియం కనబడితే ఆ కేబుల్ మార్చాల్సిందే. దాని నిరోధం రాగి కన్నా ఎక్కువ, పైగా కనెక్టర్ దగ్గర రెండుసార్లు వంచితే విరిగిపోతుంది.