హార్లెమ్ మేడగది, ఖెజెల్లిఖ్ అనే మాట

నవంబరులో నెదర్లాండ్స్ వెళ్లవద్దని చాలామంది చెప్పారు. సాయంత్రం ఐదింటికే చీకటి పడుతుంది, వాన ఎప్పుడు పడుతుందో తెలియదు. నిజమే. కానీ అక్కడివారు మాటిమాటికీ అనే ‘ఖెజెల్లిఖ్’ నాకు కాస్త బోధపడింది ఆ చీకటి సాయంత్రాల వల్లనే. మొదటి, చివరి హల్లులను గొంతులో చేపముల్లు ఇరుక్కున్నట్టు పలకాలి. నాకు చివరి రోజుకు కూడా పట్టుబడలేదు.

మొదటి రెండు రాత్రులు ఆమ్‌స్టర్‌డామ్‌లో, రైల్వే స్టేషనుకు దగ్గరి హోటల్లో దిగాను. గది శుభ్రంగా ఉంది, వేడినీళ్లు దండిగా వచ్చాయి. గది తాళం కూడా ఫోనులోనే ఉంటుంది కాబట్టి ఎవరినీ పలకరించే పనే పడలేదు. మూడో రోజు హార్లెమ్‌కు మారాను. రైలులో ఇరవై నిమిషాలు కూడా పట్టలేదు. అక్కడ ఒక విశ్రాంత ఉపాధ్యాయిని తన ఇంటి మేడగదిని అద్దెకిస్తారు. మెట్లు నిచ్చెనంత నిటారుగా ఉంటాయి, పెద్ద పెట్టెతో ఎక్కడం గండమే. స్నానాలగది కింది అంతస్తులో ఉంది. మోకాళ్ల నొప్పులున్నవారికి ఈ బస వద్దని చెబుతాను. సౌకర్యాలే చూసుకుంటే హోటలే మేలు.

మొదటి సాయంత్రం ఆవిడ కాఫీ ఇచ్చి, బిస్కెట్ల డబ్బా తెరిచి, ఒకటి తీసుకోమని మూత పెట్టేశారు. మన ఇళ్లలో అయితే పళ్లెం ఖాళీ అయ్యేదాకా వదలరు కదా అని నవ్వుకున్నాను. కిటికీలో కొవ్వొత్తులు, బల్ల మీద చిన్న తివాచీ, మూలన పసుపు వెలుగు దీపం. గది ఖెజెల్లిఖ్‌గా ఉందని మెచ్చుకున్నాను. ‘గదిని అలా అనవచ్చు. హోటల్ ఎలా ఉంది?’ అని అడిగారు. బాగుందన్నాను. ‘అక్కడ ఎవరితో కూర్చున్నారు?’ అన్నారు. ఎవరితోనూ కూర్చోలేదు.

అప్పుడు మాట మూలం చెప్పారు. అందులో ఉన్నది ‘ఖెజెల్’, అంటే తోడు ఉండేవాడు. ఇంకా వెనక్కి వెళితే ఒకే చావడిని పంచుకునేవాడని అర్థమట. డచ్చిలో పెద్ద గదిని నేటికీ ‘జాల్’ అంటారు, అదీ ఆ వేరు నుంచి వచ్చినదే. మనుషులు, వారున్న చోటు పుట్టుకలోనే కలిసి ఉన్నాయి కాబట్టే ఆ మాట ఇంటికీ, మనిషికీ, గడిచిన సాయంత్రానికీ ఒకేలా సరిపోతుంది. మనకు మనుషుల కోలాహలానికి సందడి, మనసుకు హాయి, పొద్దుపోవడానికి కాలక్షేపం ఉన్నాయి. సందడిలో హాయి ఉండకపోవచ్చు, హాయి ఒంటరిగానూ దొరుకుతుంది, కాలక్షేపానికి పేకముక్కలు చాలు. మూడింటినీ ఒకేసారి అడిగే మాట మనకు తట్టదు.

తేడా తెలిసింది ఆమ్‌స్టర్‌డామ్‌లోని యోర్డాన్ పేటలో, ‘ట్ స్మాలె’ అనే కెఫేలో. 1786లో పీటర్ హోప్పె సారా బట్టీగా మొదలుపెట్టిన చోటు, కాలువ ఒడ్డున ఉంటుంది. ఇలాంటివాటిని బ్రౌన్ కెఫేలు అంటారు. పాత చెక్క, ఏళ్ల తరబడి పొగాకు పొగ పట్టిన గోడలు కలిసి ఆ గోధుమరంగు తెచ్చాయి. పొగతాగడం 2008లో నిషేధించారు, రంగు మాత్రం మిగిలింది. బుధవారం మధ్యాహ్నం ఒంటరిగా వెళ్లాను. రంగుటద్దాలు అందంగా ఉన్నాయి, కాఫీ బాగుంది, అరగంటలో లేచాను. శుక్రవారం సాయంత్రం అదే కెఫేకు మా ఇంటావిడ, ఆవిడ స్నేహితురాళ్లు ఇద్దరు, నేను వెళ్లాం. నిలబడటానికే చోటు దొరకని రద్దీ. అపరిచితుల బల్ల కొసన సర్దుకున్నాం, కాసేపటికి వాళ్లూ మా మాటల్లో కలిశారు. మూడు గంటలు గడిచాయి. మనం అడిగేదాకా బిల్లు తేకపోవడం అక్కడ అలక్ష్యం కాదు, మర్యాద. ఒక హెచ్చరిక: బిటర్‌బాలెన్ అనే వేపుడు ఉండల్లో సాధారణంగా గొడ్డుమాంసం ఉంటుంది. తిననివారు ఆవాల ముద్దతో వచ్చే జున్ను ముక్కలు అడగాలి.

ఖెజెల్లిఖ్‌గా ఉన్నప్పుడు కాలం తెలియదని వాళ్లకు సామెత కూడా ఉంది. తొందరగా లేచేవారిని ‘ఒన్‌ఖెజెల్లిఖ్’ అని ఆటపట్టిస్తారు. నాకూ ఆ బిరుదు దక్కబోయింది, చివరి రైలు ఇంకా చాలా ఆలస్యంగా ఉందని చెప్పి కూర్చోబెట్టారు. అయితే ఆ కాలం తెలియని సాయంత్రాన్ని ముగ్గురూ రెండు వారాల ముందే నిర్ణయించుకున్నారని తరువాత తెలిసింది. చెప్పాపెట్టకుండా తలుపు తట్టి సందడి చేద్దామంటే మాత్రం అక్కడ కుదరదు. ఇది నాకు కొంచెం మింగుడుపడలేదు.

బయలుదేరే రోజు, వచ్చే ఏప్రిల్‌లో మా చెల్లెలిని కూడా తీసుకువస్తానని చెప్పాను. ‘ఖెజెల్లిఖ్!’ అన్నారు ఆవిడ సంబరంగా. ఆ వెంటనే డైరీ తెరిచి, ఏ తేదీ అని అడిగారు.