మూడేళ్లుగా ఊదుతున్నాను: ఇంటి బ్రీత్ అనలైజర్ నేర్పిన లెక్క

తార్నాకలో మా ఇంటి షూ ర్యాక్ మీద కారు తాళం పక్కనే ఒక చిన్న మిషన్ ఉంటుంది. కొని మూడేళ్లు దాటింది. దీనికంటే ముందు తొమ్మిది వందలు పెట్టి ఒకటి కొన్నాను. అది సెమీకండక్టర్ సెన్సర్‌ది. చుక్క ముట్టని రోజు కూడా గదిలో కొట్టిన సెంటుకే 0.020 చూపించేది. దాన్ని అటక మీద పడేసి, ఆరు వేల చిల్లర పెట్టి ఫ్యూయల్ సెల్ సెన్సర్ ఉన్నది తెచ్చాను. ఊపిరిలోని ఆల్కహాల్ సెన్సర్ లోపల రసాయన చర్య జరిపి కాస్త కరెంటు పుట్టిస్తుంది. ఆ కరెంటును కొలిచి మిషన్ అంకె చూపిస్తుంది. సెంటు, సిగరెట్ పొగ లాంటివి దీన్ని అంతగా తికమక పెట్టవు.

ముందు ఆ అంకె సంగతి చెప్పాలి, ఎందుకంటే మా స్నేహితుల్లో సగం మంది బోల్తా పడేది అక్కడే. మన చట్టం పెట్టిన హద్దు 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ప్రకారం అది దాటితే మొదటిసారి పది వేల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. పోలీసులు ఊదించినప్పుడు ‘45 వచ్చింది’ అంటే ఆ మిల్లీగ్రాముల లెక్కే. నా మిషన్ అదే సంగతిని శాతంలో 0.045 అని చూపిస్తుంది. అంటే నా తెర మీద హద్దు 0.030. విదేశాల నుంచి తెప్పించిన కొన్ని మిషన్లు వెయ్యి వంతుల్లో 0.30 అంటాయి. ఒకాయన దాన్ని చూసి ‘ముప్పై ఎక్కడ, సున్నా పాయింట్ మూడెక్కడ’ అని ధీమాగా కారెక్కబోయాడు. అది సరిగ్గా హద్దు మీదే ఉందని చెప్పి దింపాల్సి వచ్చింది.

ఇక తాగినదాని లెక్క. ‘రెండు పెగ్గులే’, ‘ఒక్క బీరే’ అనే మాటల్లో ఏమీ తేలదు, గ్రాముల్లో చూడాలి. మన విస్కీ సీసా మీద 42.8 శాతం అని ఉంటుంది. లార్జ్ పెగ్గు 60 మిల్లీలీటర్లు. ఆల్కహాల్ నీటి కంటే తేలిక, మిల్లీలీటరుకు 0.79 గ్రాములు. 60ని 0.428తో, మళ్లీ 0.79తో గుణిస్తే సుమారు 20 గ్రాములు. ఇప్పుడు 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీరు సీసా తీసుకోండి. ఏడున్నర శాతం అనుకున్నా 38 గ్రాముల పైమాటే. అంటే ఒక స్ట్రాంగ్ బీరు దాదాపు రెండు లార్జ్ పెగ్గులు! ‘నేను హార్డ్ ముట్టను, బీరు మాత్రమే’ అని గొప్పగా చెప్పుకునే మా బావమరిదికి ఈ లెక్క చెప్పినప్పుడు వాడు నన్ను శత్రువులా చూశాడు.

ఆ గ్రాములు ఒంట్లో ఎంత పలచబడతాయన్నది తర్వాతి ప్రశ్న. స్వీడన్ శాస్త్రవేత్త ఎరిక్ విడ్మార్క్ పేరుతో ఉన్న సూత్రం దీనికి సరిపోతుంది. ఆల్కహాల్ నీళ్లున్న చోటికే పాకుతుంది, కొవ్వులోకి పెద్దగా వెళ్లదు. అందుకే బరువు మొత్తాన్ని లెక్కలోకి తీసుకోరు. మగవారికి 0.68 వంతు, ఆడవారికి 0.55 వంతు తీసుకుంటారు. నా బరువు 74 కిలోలు, కాబట్టి లెక్కకొచ్చేది సుమారు 50. మా ఆవిడ 54 కిలోలు, లెక్కకొచ్చేది 30 లోపే. పెళ్లిరోజున ఇద్దరం ఇంకా ఏమీ తినకముందే తలా 150 మిల్లీలీటర్ల వైన్ తాగాం. గంట తర్వాత ఊదితే నాకు 0.015, తనకు 0.034. ఒకే సీసా, ఒకే సైజు గ్లాసు. నేను బాగానే ఉన్నాను కదా అని ఆమెను నడపమని ఉంటే హద్దు దాటించినవాణ్ణి అయ్యేవాణ్ణి.

తిండి విషయంలో జనం నమ్మేదానిలో సగమే నిజం. ఖాళీ కడుపుతో ఒక లార్జ్ తాగిన ముప్పావు గంటకు నాకు 0.031 వచ్చింది. ఇంకో రోజు కడుపు నిండా బిర్యానీ తిని అదే లార్జ్ తాగితే అదే సమయానికి 0.018. ఆల్కహాల్ ఎక్కువగా రక్తంలో కలిసేది చిన్నపేగులో. కడుపులో అన్నం ఉంటే మందు నెమ్మదిగా కిందికి దిగుతుంది, ఈలోగా కొంత విరిగిపోతుంది కూడా. ఇక్కడిదాకా మంచిదే. కానీ నెమ్మదిగా దిగడమంటే ఆలస్యంగా ఎక్కడమే. ఒకసారి సైనిక్‌పురిలో మిత్రుడి ఇంట్లో భోజనం చేస్తూ తాగి, చివరి పెగ్గయ్యాక నోరు పుక్కిలించి ఇరవై నిమిషాలకు ఊదాను. 0.024. మిషన్ సరే అన్నట్టే ఉంది. కబుర్లలో పడి ఇంకో నలభై నిమిషాలు కూర్చుని, మధ్యలో చుక్క ముట్టకుండా మళ్లీ ఊదితే 0.036! బయల్దేరేటప్పుడు గుమ్మంలో వచ్చే అంకె అప్పటిదే, దారిలో ఉండబోయేది కాదు. మూడేళ్లలో ఈ మిషన్ నాకు చెప్పిన అన్నింటికంటే పనికొచ్చే ముక్క ఇదే. అప్పటి నుంచి ఒక్క రీడింగ్‌ను నమ్మడం మానేశాను. అరగంట తేడాతో రెండుసార్లు ఊది, అంకె ఎక్కుతోందా దిగుతోందా అని చూస్తాను.

ఇప్పుడు అసలు కథ. బావమరిది ఉప్పల్‌లో ఫ్లాట్ కొన్నాడని దావత్ ఇచ్చాడు. రాత్రి 9కి మొదలుపెట్టి పన్నెండున్నరకు ఆపాను. మూడు లార్జ్‌లు, మొదట్లో దప్పికకు ఒక స్ట్రాంగ్ బీరు. క్యాబ్‌లో ఇంటికొచ్చి పడుకున్నాను. ఉదయం 7:50 బండికి అమ్మను సికింద్రాబాద్ స్టేషన్‌లో దింపాలి. ఆరున్నరకు లేచాను. తలస్నానం, రెండు కాఫీలు అయ్యాయి. తల బరువు లేదు, చేయి వణకడం లేదు. దావత్‌లో బావమరిది ‘ఏం కాదు బావా, పొద్దుగాల వరకు మొత్తం దిగిపోతది’ అన్న మాట కూడా గుర్తుంది. 7 గంటలకు సరదాకి ఊదాను. 0.038.

నమ్మక, పది నిమిషాలాగి మళ్లీ ఊదాను. 0.036. అమ్మతో పాటు ఆటో ఎక్కాను. తిరిగొచ్చాక 8:30కి 0.018.

ఆ రోజు కాగితం తీసుకుని కూర్చున్నాను. మూడు లార్జ్‌లు 61 గ్రాములు, బీరు 38, మొత్తం 99. దాన్ని నా 50తో భాగించి మిల్లీగ్రాముల్లోకి మారిస్తే సుమారు 197. గంటన్నరలో నా అంకె 38 నుంచి 18కి దిగింది కాబట్టి నా ఒళ్లు గంటకు 13 పైచిలుకు ఖర్చు చేస్తోంది. పది గంటలకు 133. అలా చూస్తే ఉదయం 7కి 64 ఉండాలి, నాకు 38 వచ్చింది. బిర్యానీ కొంత తగ్గించి ఉంటుంది, బీరు కూడా నేననుకున్నంత స్ట్రాంగ్ అయ్యుండదు, పైగా ఆ 0.68 అనేది నలుగురి సగటు. సూత్రం దారి చూపిస్తుంది తప్ప గడప దాకా తీసుకెళ్లదు. కానీ ఎలా చూసినా, పది గంటలయ్యాక కూడా నేను హద్దుకు పైనే ఉన్నాను.

స్నానం, కాఫీ ఎందుకు పనిచేయలేదంటే, ఆల్కహాల్‌లో చాలా భాగాన్ని విరగ్గొట్టేది కాలేయమే. అక్కడి ఎంజైమ్ కొద్దిపాటి మందుకే నిండిపోతుంది. ఆపైన ఎంత ఉన్నా దాని వేగం పెద్దగా మారదు. ఔటర్ రింగ్ రోడ్డు టోల్ గేటులో ఒక్క లైనే తెరిచారనుకోండి, వెనక పది కార్లున్నా వందున్నా గంటకు పోయేవి అన్నే. చాలామందికి ఆ వేగం గంటకు 10 నుంచి 20 మిల్లీగ్రాముల మధ్య ఉంటుంది. కాఫీ నిద్రమత్తు వదిలిస్తుంది, గేటులో ఇంకో లైను తెరవదు. నిద్రకూ అంతే, పడుకున్నా మెలకువగా ఉన్నా గంటకు పోయేది అంతే. మత్తు తెలియకపోవడం ఇంకా మోసం, ఎందుకంటే అంకె దిగేటప్పుడు అదే అంకె దగ్గర మనకు రాత్రి ఎక్కేటప్పటి కంటే తేటగా అనిపిస్తుంది.

మిషన్ మీద ఫిర్యాదులు లేకపోలేదు. నోట్లో మిగిలిన మందుకు ఇది ఘోరంగా మోసపోతుంది. ఒకసారి ఆల్కహాల్ ఉన్న మౌత్‌వాష్ పుక్కిలించి వెంటనే ఊదితే 0.120 చూపించింది, పావుగంటకు సున్నా. తాగిన వెంటనే, తేన్పు వచ్చిన వెంటనే ఊదినా అంతే. కనీసం 15 నిమిషాలు ఆగాలి. మిషన్ బీప్ ఆపేదాకా ఊపిరి లోతు నుంచి వదలాలి, పైపైన ఊదితే అంకె తక్కువ వస్తుంది. పైపులు విడిగా కొనుక్కోవాలి, అదో చిరాకు.

అసలు చిక్కు రెండో ఏడాది చివర్లో బయటపడింది. ఫ్యూయల్ సెల్ కాలం గడిచేకొద్దీ మొద్దుబారుతుంది, అప్పుడు అంకె ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. మనకు ప్రమాదమైన వైపుకే తప్పు చేస్తుందన్నమాట. తెర మీద ఏ హెచ్చరికా రాలేదు. నేను పట్టుకున్నది నా సొంత పరీక్షతో. ఏడాదికి రెండుసార్లు, ఎక్కడికీ వెళ్లే పని లేని సాయంత్రం, ఖాళీ కడుపుతో కొలిచి ఒక లార్జ్ తాగి ముప్పావు గంటకు ఊదుతాను. కొత్తలో 0.031 వచ్చేది ఆ రోజు 0.022 వచ్చింది. నా బరువు మారలేదు, సీసా అదే. ఇది ల్యాబ్ పరీక్ష కాదు, ఒంటిలో రోజుకో తేడా ఉంటుంది, అందుకే వారం తర్వాత మళ్లీ చేశాను. మళ్లీ 0.022. క్యాలిబ్రేషన్‌కి పంపితే అమ్మినవాళ్లు నెలన్నర ఉంచుకుని, మూడుసార్లు ఫోన్ చేస్తే గాని తిరిగివ్వలేదు. వచ్చాక అదే పరీక్షకు 0.030.

ఇప్పుడు ప్రతి నవంబరులో, పెళ్లిళ్ల సీజన్ ముదరకముందే పంపించేస్తున్నాను. అది లేని వారాల్లో ఫంక్షన్‌కి కారు తీయను. బావమరిది మాత్రం ‘బావా, ఈసారి బీరు కూడా కొలుచుకుని పోస్తావా ఏంది’ అంటున్నాడు. కొలుస్తాను, వాడి గ్లాసు కూడా.