పదో తరగతి బ్యాచ్ కలయికకు పిలుపు: ‘తోచినంత ఇవ్వండి’ మేలా, ‘తలకు వెయ్యి’ మేలా?

మాది శ్రీకాకుళం జిల్లా, ఆమదాలవలస దగ్గర ఒక జిల్లా పరిషత్ హైస్కూలు, 2001 పదో తరగతి బ్యాచ్. మూడేళ్ల కిందట మొదటిసారి కలిసినప్పుడు పిలుపు నేనే రాశాను. చింతచెట్టు, గంట మోత, మాస్టారి బెత్తం అన్నీ అందులో ఉన్నాయి. చివర్లో మాత్రం ఇలా రాశాను: “అందరూ తప్పక రండి. తోచినంత ఇవ్వండి. వచ్చేవాళ్లు గ్రూపులో చెప్పండి.” దానికింద 74 బొటనవేళ్లు పడ్డాయి. వంటమనిషికి 80 భోజనాలు చెప్పాం. మాస్టార్లతో కలిపి తిన్నది 46 మంది. మిగిలిన అన్నం చూసి ఆ సాయంత్రం నాకు ఏడుపొచ్చింది.

ఈసారి పిలుపు రెండు రకాలుగా రాసి పక్కపక్కన పెట్టుకుని చూశాను. ఒకటి పాత పద్ధతి. రెండోది తేదీ, చోటు, డబ్బు, రాక తెలిపే గడువు నాలుగూ సూటిగా చెప్పేది. రెండోదే మేలని నా నిర్ణయం. అయితే అందులోనూ ఒకచోట సర్దుకోవాల్సి వచ్చింది.

ముందు డబ్బు సంగతి. ‘తోచినంత’ అంటే పేదవాళ్లకు మర్యాదగా ఉంటుందనుకున్నాను. జరిగింది వేరు. ఊళ్లోనే వ్యవసాయం చేసుకునే మా బెంచి మిత్రుడు రాలేదు. తర్వాత కలిసినప్పుడు, “ఒరే, రావాలనే ఉండేదిరా. మిగతావాళ్లు ఎంతిస్తారో తెలీక ఆగిపోయాను” అన్నాడు. ఎంత అని చెప్పకపోతే ఉన్నవాడికి ఏమీ కాదు, లేనివాడికి టెన్షన్. అంకె రాసేసి, కట్టలేనివాళ్లకు పక్కనే ఒక దారి చూపించడమే అసలు మర్యాద.

ఆ అంకె ఎంత ఉండాలి? మొత్తం ఖర్చును జాబితాలో ఉన్న 118 మందితో భాగించడం తప్పు. ఖర్చుల్లో కొన్ని ఎంతమంది వచ్చినా మారవు. మాకు షామియానా, కుర్చీలు, మైకు, ఫొటోలు, ఫ్లెక్సీ, 12 మంది మాస్టార్లకు శాలువాలు, జ్ఞాపికలు కలిపి 25,000 రూపాయలు. మాస్టార్ల భోజనం 350 చొప్పున 4,200. అంటే ఒక్కరు కూడా రాకముందే 29,200 ఖర్చు ఉంది. ఆపైన వచ్చే ప్రతి మిత్రుడికీ 350. తలకు వెయ్యి పెడితే, భోజనం పోగా ఒక్కొక్కరి నుంచి 650 మిగులుతుంది. 29,200ను 650తో భాగిస్తే దాదాపు 45. అంటే 45 మంది కడితే గట్టెక్కుతాం. 700 పెట్టి ఉంటే 84 మంది కావాలి, మాకు అంతమంది రారు. 60 మంది వస్తే వెయ్యి చొప్పున 9,800 మిగులుతుంది. మిగిలేది దేనికో కూడా పిలుపులోనే చెప్పాలి. తర్వాత చెబితే అనుమానాలు పుడతాయి.

ఇక తేదీ. మావాళ్లు సగంమంది హైదరాబాదు, విశాఖ, చెన్నైల్లో ఉన్నారు. సంక్రాంతికి ఎలాగూ వస్తారు. కొందరు కనుమ నాడే పెట్టేద్దామన్నారు. ‘కనుమ నాడు కాకైనా కదలదు’ అనే మా ఊళ్లల్లో, అత్తారింటి నుంచి ఆడపిల్లలను ఆ రోజు బయలుదేరమనడం నాకు నచ్చలేదు. పండగ దాటిన ఆదివారం, 2027 జనవరి 17 ఖాయం చేశాం. మధ్యాహ్నం మూడుకల్లా ముగిస్తే సాయంత్రం రైలో బస్సో అందుతుంది. రైలు రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుచుకుంటుంది. 17న తిరుగు టికెట్ కావాలంటే నవంబరు 18 ఉదయం కూర్చోవాలి. కాబట్టి పిలుపు దీపావళి నాటికే చేతిలో ఉండాలి. డిసెంబరులో పంపే అందమైన పోస్టుకంటే నవంబరు మొదటివారంలో పంపే నాలుగు లైన్లు నయం.

చోటు మీద పెద్ద చర్చ లేదు. ఫంక్షన్ హాలు సౌకర్యమే, కానీ మా బడి ఆవరణకు అది సాటి రాదు. హెడ్‌మాస్టారి అనుమతి ముందే తీసుకోవాలి, సెలవుల్లో తాళాలు, మరుగుదొడ్ల నీళ్ల సంగతి ఎవరు చూస్తారో కనుక్కోవాలి, అంతే.

నేను సర్దుకోవాల్సి వచ్చింది రాక తెలపడం దగ్గర. డబ్బు కట్టినవాళ్లే వస్తున్నట్టు లెక్క అంటే సంఖ్య పక్కాగా ఉంటుంది. అయితే చేతిలో ఫోన్ పే లేనివాళ్లు, భర్త ఫోను వాడే అక్కచెల్లెళ్లు, జీతం పడ్డాక కడదామనుకునేవాళ్లు అక్కడే ఆగిపోతారు. గూగుల్ ఫారం ఉద్యోగస్తులు నింపుతారు, మిగతావాళ్లు తెరవరు. వాట్సాప్ పోల్‌లో ఎవరు ఏం నొక్కారో పేర్లతో కనిపిస్తుంది, అది బాగుంది. కానీ గ్రూపులో లేనివాళ్లకు అది అందదు. అందుకే పోల్‌తో పాటు ఇద్దరి ఫోన్ నంబర్లు పెట్టాం. మాట ఇస్తే చాలు, డబ్బు తర్వాతైనా సరే. వంటకు సంఖ్య చెప్పాల్సిన రోజుకు కాస్త ముందు గడువు పెట్టి, ఆ రోజు వరకూ మాట ఇచ్చినవాళ్లనే లెక్కలోకి తీసుకుంటాం.

బొమ్మ మీద అచ్చువేసిన పోస్టరు అందంగా ఉంటుంది గానీ, అందులోని నంబరును నొక్కి ఫోన్ చేయలేం. అందుకే వివరాలన్నీ టైపు చేసిన అక్షరాల్లోనే ఉండాలి. పొడవాటి మెసేజ్‌ను వాట్సాప్ మడిచేస్తుంది కాబట్టి, తేదీ, చోటు మొదటి లైన్లలోనే రావాలి. జ్ఞాపకాలకు ఒక్క వాక్యం చాలు, మిగతావి ఆ రోజు చెప్పుకుంటాం.

చివరికి ఖాయం చేసింది ఇది:

“2001 పదో తరగతి మిత్రులారా, మన బడిలో కలుద్దాం.
2027 జనవరి 17, ఆదివారం, ఉదయం 9.30 నుంచి మధ్యాహ్నం 3 వరకు. మన హైస్కూలు ఆవరణలోనే. రైల్లో వచ్చేవాళ్లు శ్రీకాకుళం రోడ్డు స్టేషన్‌లో దిగి ఫోన్ చేయండి, ఆటో పంపిస్తాం.
మనకు పాఠం చెప్పిన 12 మంది మాస్టార్లు, టీచర్లను పిలుస్తున్నాం.
తలకు 1,000 రూపాయలు. భోజనం, మాస్టార్ల సన్మానం, ఏర్పాట్లు ఇందులోనే. మిగిలినది బడికి ఫ్యాన్లకు ఇస్తాం, లెక్క అదే వారం గ్రూపులో పెడతాం. డబ్బు పంపేటప్పుడు బడిలోని మీ పేరు, సెక్షను నోట్‌లో రాయండి. ఇబ్బంది ఉంటే నాకొక్క ఫోన్ చేయండి, ఆ మాట నా దగ్గరే ఉంటుంది. డబ్బు కోసం ఎవరూ ఆగిపోవద్దు.
వస్తున్నారో లేదో, మీతో ఎంతమందో, శాకాహారమో మాంసాహారమో జనవరి 6 రాత్రిలోగా పోల్‌లో గానీ, కింది రెండు నంబర్లలో గానీ చెప్పండి.”

బడిలోని పేరు, సెక్షను రాయమన్నది ఊరికే కాదు. క్రితంసారి భర్త ఖాతా నుంచి వచ్చిన డబ్బు ఎవరిదో తెలియక ఆడపిల్లల్లో ముగ్గురిని మళ్లీ అడిగాం, వాళ్లు నొచ్చుకున్నారు. డబ్బు వెళ్లే ఖాతాలో కనిపించే పేరు కూడా పిలుపు కింద రాశాం, కొత్త పేరు చూసి ఎవరూ వెనక్కి తగ్గకుండా.

జనవరి 4న గుర్తు చేసేటప్పుడు మొత్తం పిలుపు మళ్లీ పెట్టం. చివరి వాక్యం ఒక్కటే పెడతాం. అప్పటికీ పలకని వాళ్ల జాబితా సెక్షన్ల వారీగా పంచుకుని, తలా పదిమందికి స్వయంగా ఫోన్ చేస్తాం. మొదటి ఫోన్ నేను ఆ బెంచి మిత్రుడికే చేస్తాను.