బ్రోషర్‌లో 300 కి.మీ. చూసి ఎలక్ట్రిక్ కారు కొంటున్నారా? ముందు మే నెల లెక్క వేసుకోండి

చలికాలంలో కొన్న బండి ఏప్రిల్ రాగానే తక్కువ దూరం వెళ్తోందని సర్వీస్ సెంటర్‌కు పరుగెత్తడం, వాళ్లు "బ్యాటరీ బాగానే ఉందండీ" అని తిప్పి పంపడం చాలామందికి ఎదురవుతోంది. చాలాసార్లు బ్యాటరీ నిజంగానే బాగుంటుంది. చిక్కంతా కొనేటప్పుడు నమ్మిన అంకెతోనే. మన దేశంలో ఆ రేంజ్ పరీక్ష 20 నుంచి 30 డిగ్రీల మధ్య, రోలర్ల మీద, ఏసీ ఆపేసి, సగటున గంటకు 30 కి.మీ. పైచిలుకు వేగంతో జరుగుతుంది. మే నెలలో మన రోడ్డు మీద ఇందులో ఏదీ ఉండదు.

30 కిలోవాట్ అవర్, అంటే మన కరెంటు బిల్లు భాషలో 30 యూనిట్ల బ్యాటరీ ఉన్న కారు తీసుకుందాం. బ్రోషర్ ప్రకారం యూనిట్‌కు 10 కి.మీ. ఎండలో ఏసీ మొదటి పది నిమిషాలు గట్టిగా లాగి, తర్వాత సుమారు 1.5 కిలోవాట్ల దగ్గర స్థిరపడుతుందనుకోండి. హైదరాబాద్ ట్రాఫిక్‌లో సగటు వేగం 20 కి.మీ. అయితే, గంటలో ఏసీ తినే ఒకటిన్నర యూనిట్ ఆ 20 కి.మీ. మీదే పడుతుంది. మోటారుకు 2 యూనిట్లు, ఏసీకి 1.5. ఈ లెక్కన 300 కి.మీ. కాస్తా 170 అవుతుంది. వేడి వల్ల బ్యాటరీలో కరెంటు తగ్గలేదు, ఆ కరెంటు వేరేచోట ఖర్చయింది, అంతే.

హైవే మీద ఏసీ వాటా తగ్గి గాలి వాటా పెరుగుతుంది. 90 కి.మీ. వేగంలో, ఏసీతో కలిపి, 100 కి.మీ.కు 16 యూనిట్లు అనుకోండి. హైదరాబాద్ నుంచి విజయవాడ సుమారు 270 కి.మీ. నిండా ఛార్జ్ చేసి బయలుదేరితే సగం దారిలో ఉన్న సూర్యాపేటకు 28 శాతం మిగులుతుంది. మిగతా సగానికి, చివర్లో 10 శాతం చేతిలో ఉంచుకోవాలంటే, అక్కడ 82 శాతం దాకా ఎక్కించాలి, అంటే 16 యూనిట్లు. 25 కిలోవాట్ల ఛార్జర్ మీద ఇది 40 నిమిషాల పని. అయితే మధ్యాహ్నం హైవే మీద నడిచి కాగిన బ్యాటరీ ప్యాక్‌ను కాపాడటానికి కారే ఛార్జింగ్ వేగం తగ్గించుకోవచ్చు. సగానికి తగ్గిందా, గంటా ఇరవై నిమిషాలు అక్కడే. ప్యాక్‌ను ద్రవంతో చల్లబరిచే ఏర్పాటు ఉన్న కార్లలో ఈ బాధ తక్కువ, గాలితోనే చల్లబడే వాటిలో ఎక్కువ.

అసలు భయపడాల్సింది వేరే ఉంది. ఛార్జ్ చేసేటప్పుడు లిథియం అయాన్లు బ్యాటరీ లోపలి ద్రవం గుండా ఈదుకుంటూ వెళ్లి గ్రాఫైట్ పొరల మధ్య దూరి కూర్చుంటాయి. నడిపేటప్పుడు వెనక్కి వస్తాయి, ఎలక్ట్రాన్లు వైరు గుండా మోటారును తిప్పుతాయి. గ్రాఫైట్ మీద ఒక సన్నని పొర ఉంటుంది. వేడిలో, అందులోనూ 100 శాతం ఛార్జ్‌తో రోజుల తరబడి ఎండలో నిలిపితే, ఆ పొర మందమవుతూ కొంత లిథియంను తనలో శాశ్వతంగా బంధించేస్తుంది. అలా పోయిన రేంజ్ చలికాలం వచ్చినా తిరిగి రాదు. అమెరికాలో అరిజోనా రాష్ట్రంలోని ఫీనిక్స్ ఎండలకు తొలి తరం నిస్సాన్ లీఫ్ కార్లకు 2012లో జరిగింది ఇదే. వాటి ప్యాక్‌కు చురుగ్గా చల్లబరిచే వ్యవస్థ లేదు. డ్యాష్‌బోర్డు మీద సామర్థ్యం చూపే 12 గీతలు ముందే తగ్గడం మొదలైంది. తర్వాత కంపెనీ సామర్థ్యానికి కూడా వారంటీ ఇవ్వాల్సి వచ్చింది.

చలి సంగతి దీనికి తిరగబడి ఉంటుంది. షికాగో, మినియాపొలిస్ వైపున్న మనవాళ్లకు ఇది ముఖ్యం. చలికి లోపలి ద్రవం చిక్కబడి అయాన్లు నెమ్మదిస్తాయి, బ్రేక్ వేసినప్పుడు తిరిగొచ్చే కరెంటూ తగ్గుతుంది. వేడెక్కితే ఇది సర్దుకుంటుంది. 2019లో అమెరికా వాహనదారుల సంఘం ఏఏఏ ఐదు కార్లు పరీక్షిస్తే, సుమారు మైనస్ 7 డిగ్రీల దగ్గర హీటర్ లేకుండా రేంజ్ 12 శాతం, హీటర్ వేస్తే 41 శాతం తగ్గింది. 35 డిగ్రీల దగ్గర ఏసీతో తగ్గింది 17 శాతమే. అందుకే అక్కడ తక్కువ కరెంటుతోనే వేడినిచ్చే హీట్ పంప్ ఉందా అని తప్పక అడగండి. గడ్డకట్టిన ప్యాక్‌ను వేగంగా ఛార్జ్ చేస్తే లిథియం గ్రాఫైట్‌లోకి దూరలేక పైనే లోహంగా పేరుకుంటుంది. అందుకే కారు ముందు ప్యాక్‌ను వేడిచేసుకుని, ఆ తర్వాతే వేగం పెంచుతుంది.

పాత బండి కొనేవాళ్లు స్క్రీన్ మీద చూపే "మిగిలిన కి.మీ." అంకెను లెక్కలోకి తీసుకోకండి. అది ముందటి డ్రైవింగ్‌ను బట్టి వేసే అంచనా. బ్యాటరీ ఆరోగ్య శాతాన్ని సర్వీస్ సెంటర్‌లో కాగితం మీద రాయించుకోండి. అది కుదరకపోతే బండిని 100 నుంచి 20 శాతం దాకా నడిపి, ట్రిప్ మీటర్‌లో ఖర్చయిన యూనిట్లు చూడండి. పైన చెప్పిన 30 యూనిట్ల ప్యాక్ అయితే 24కు దగ్గర్లో రావాలి. 19 దగ్గరే 20 శాతం చూపిస్తే, ఐదో వంతు ప్యాక్ పోయినట్టే. బేరం అక్కడి నుంచి మొదలుపెట్టండి.